రిఫరల్ గ్రూప్ నుంచి సంబంధాలు చెడకుండా బయటికి రావడం ఎలా? ఆ టైమ్ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో నాది సీసీ కెమెరాల షాపు. వ్యాపారులు ఒకరికొకరు కస్టమర్లను పంపుకునే ఒక రిఫరల్ గ్రూప్‌లో రెండేళ్లుగా ఉన్నాను. ప్రతి బుధవారం పొద్దున్నే ఏడింటికి మీటింగ్. మొదట్లో బాగానే ఉండేది, ఇప్పుడు పని రావట్లేదు, టైమ్ మాత్రం పోతోంది. చేర్పించింది మా బావగారి స్నేహితుడు. ఎవరినీ నొప్పించకుండా ఎలా మానేయాలి? ఆ టైమ్‌లో ఏం చేస్తే లాభం?

జవాబు: నాదీ మీ లైనే, విజయవాడలో. ఇలాంటి గ్రూప్ నుంచే రెన్యువల్ సమయంలో బయటికి వచ్చేశాను. అందులోని కొందరితో ఇప్పటికీ పని నడుస్తోంది.

ముందు ఒక లెక్క వేసుకోండి. లేకపోతే వాళ్లు ఆపినప్పుడు ఆగిపోతారు. రిఫరల్ ద్వారా వచ్చిన పనికి గ్రూప్‌లో చదివే థాంక్యూ స్లిప్పుల్లో ఉండేది బిల్లు మొత్తం, మనకు మిగిలింది కాదు. నా చివరి ఏడాది స్లిప్పులు కలిపితే ఆరు లక్షలు. వినడానికి బాగుంటుంది. సామాను, లేబర్ పోగా మనకు మిగిలేది పదిహేను శాతం అనుకున్నా తొంభై వేలు. ఫీజు, టిఫిన్, పెట్రోలు, గ్రూప్ ఫంక్షన్లు కలిపి నాకు అయిన ఖర్చు సుమారు యాభై ఐదు వేలు. అంటే ముప్పై ఐదు వేలు మిగిలాయి కదా అంటారు. కానీ ఆ ఆరు లక్షల్లో మూడున్నర లక్షలు సభ్యులు తమ షాపులకు, ఇళ్లకు పెట్టించుకున్నవే. మన లైన్‌లో తిరకాసు ఇక్కడే ఉంది. గ్రూప్‌లో ఉన్నవాళ్లందరికీ ఒకసారి కెమెరాలు బిగించేశాక మళ్లీ ఐదారేళ్లదాకా అవసరం పడదు. బయటినుంచి వచ్చింది రెండున్నర లక్షలే, దాని మీద మిగులు ముప్పై ఏడు వేల ఐదు వందలు. తర్వాతి ఏడాది మొత్తం దీని మీదే నడవాలి, అది ఖర్చుకే చాలదు. మీకు మొదట్లో బాగుండి ఇప్పుడు ఎండిపోవడానికి కారణం కూడా ఇదేనని నా అనుమానం. స్లిప్పులు తీసి సభ్యుల సొంత పని వేరు, బయటి పని వేరు చేసి చూడండి. బయటిది ఏటా పెరుగుతుంటే మాత్రం మానేయకండి. ఇన్సూరెన్స్, ఆడిటర్ లాంటి ఏటేటా తిరిగొచ్చే పనులవాళ్లకు ఇవే గ్రూపులు బాగా పనిచేస్తాయి.

ఇక బయటికి రావడం. మీ రెన్యువల్ తేదీ చూసి, దానికి నెలన్నర ముందు కదలండి. ఏడాది మధ్యలో మానేస్తే సాధారణంగా ఫీజు తిరిగిరాదు, పైగా అలిగి వెళ్లాడంటారు. మొదట చెప్పాల్సింది మీ బావగారి స్నేహితుడికి. వాట్సాప్‌లో కాదు, ఎదురుగా కూర్చుని. ఆయనకు ఇంకెవరి ద్వారానో తెలిస్తే అదే అసలు నొప్పి. ఆ తర్వాతే ప్రెసిడెంట్‌కు.

కారణం మాత్రం విడమరిచి చెప్పకండి. టైమ్ కుదరట్లేదంటే మీ బదులు ఎవరినైనా పంపమంటారు. డబ్బు ఇబ్బందంటే రెండు విడతలుగా కట్టమంటారు. పని రావట్లేదంటే, మీరు ఎన్ని రిఫరల్స్ ఇచ్చారని లెక్క తీస్తారు. నేను పంపిన మెసేజ్ దాదాపు ఇది: "సార్, ఈసారి రెన్యువల్ చేయట్లేదు. ఈ ఏడాది పాత కస్టమర్ల సర్వీసు మీద కూర్చుందామని నిర్ణయించుకున్నాను. నా దగ్గరున్న రిఫరల్స్ ఈ నెలాఖరుకల్లా పూర్తి చేసి మీకు చెప్తాను. చేర్చుకుని ఆదరించినందుకు అందరికీ కృతజ్ఞతలు." ఫోన్ చేసి అడిగితే ఇదే మాట రెండోసారి చెప్పండి, కొత్త కారణాలు జోడించకండి.

"మీ సీటు మీ పోటీ షాపువాడికి పోతుంది" అని కూడా అంటారు. పోనివ్వండి. సభ్యుల పని మీరు చేసేశారు, అతనికి మిగిలేది ఆ బయటి పనే. చివరి మీటింగ్‌కు తప్పకుండా వెళ్లండి. ఖజానా, విజిటర్ల జాబితా లాంటి బాధ్యతలుంటే అప్పగించండి. సభ్యుల నంబర్లన్నీ తీసుకుని ఆఫర్ మెసేజీలు మాత్రం పంపకండి, ఉన్న మంచిపేరు దాంతోనే పోతుంది. నిజంగా పని ఇచ్చుకున్న ముగ్గురు నలుగురితో విడిగా మాట్లాడుతూ ఉంటే చాలు.

ఇప్పుడు బుధవారం పొద్దున సంగతి. నేనైతే మొదట పాత బిల్లు పుస్తకం తీస్తాను. ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చట్టం, 2013 ప్రకారం జనం ఎక్కువగా వచ్చిపోయే సంస్థలు కెమెరాలు పెట్టి, 30 రోజుల రికార్డింగ్ దాచాలి. మనం బిగించిన చోట్ల ఎన్ని రోజులు ఉంటోందో చూస్తే ఆశ్చర్యపోతారు. ఒక్కో కెమెరా సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున ఆగకుండా రికార్డు చేస్తే రోజుకు సుమారు 10.8 జీబీ. పదహారు కెమెరాలకు రోజుకు 173 జీబీ దాకా అవుతుంది. రెండు టీబీ డిస్క్ పదకొండు రోజులకే నిండి పాతది చెరిగిపోతుంది. ముప్పై రోజులకు 5.2 టీబీ కావాలి, అంటే ఆరు టీబీ డిస్క్. కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెడితే ఎక్కువ రోజులు వస్తుంది, కానీ రద్దీ ఉండే కౌంటర్ దగ్గర ఆ తేడా పెద్దగా ఉండదు. నర్సింగ్‌హోములు, ఫంక్షన్ హాళ్లు, పెద్ద బట్టల షాపుల పాత కస్టమర్లకు ఫోన్ చేసి, "మీ డీవీఆర్‌లో ఎన్ని రోజుల రికార్డింగ్ ఉందో చూసి చెప్తాను, డబ్బులక్కర్లేదు" అనండి. వెళ్లినప్పుడు డీవీఆర్ టైమ్ సరిగ్గా ఉందా, ఆగిపోయిన కెమెరా ఏదైనా ఉందా కూడా చూడండి. డిస్కులు, ఏడాది సర్వీసు కాంట్రాక్టులు అక్కడే వస్తాయి, దేనికీ రిఫరల్ అక్కర్లేదు.

రెండోది, కస్టమర్ మన దగ్గరికి రాకముందు ఎవరి దగ్గర ఉంటాడో చూడటం. అపార్టుమెంట్లలో అది ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్. మనల్ని పిలిచేది ఫ్లాట్లు అప్పగించే సమయానికి, అప్పటికి ప్లాస్టరింగ్ అయిపోయి గోడల మీద కేసింగ్ కొట్టాల్సి వస్తుంది. ప్లాస్టరింగ్‌కు ముందే గేటు, పార్కింగ్, లిఫ్ట్ లాబీలకు విడిగా ఒక పైపు వదలమని, కేబుల్ ఎక్కడికి చేరాలో గీసి ఇస్తే ఆయన పనీ సులువవుతుంది, కెమెరాల మాట వచ్చినప్పుడు మీ పేరే గుర్తొస్తుంది. మీ గుంటూరులో కోల్డ్ స్టోరేజీలు కూడా ఉన్నాయి. వేసవి మిర్చి సీజన్లో వాళ్లకు ఊపిరి సలపదు, కాబట్టి లారీలు రాకముందే, డిసెంబరులో కలవండి.

కాంట్రాక్టర్లు కమీషన్ అడుగుతారు. కొటేషన్ ఇవ్వకముందే ఎంతో తేల్చుకోండి, కస్టమర్ డబ్బు చేతికొచ్చాకే ఇస్తానని చెప్పండి. దానికి ఒప్పుకోనివాడితో మొదలుపెట్టవద్దు. మొదట్లో ఇద్దరు కాంట్రాక్టర్లు చాలు, పిలిచిన రోజే సైటుకు వెళ్లగలిగినంత మందే ఉండాలి.