స్క్వేరే ఎందుకు? నార్మల్ సూత్రంలోనే ఉన్న జవాబు

ప్రశ్న: రిగ్రెషన్‌లో ఎర్రర్స్‌ని స్క్వేర్ చేసి కూడి, ఆ మొత్తం తక్కువయ్యే గీత తీసుకుంటాం. మా నోట్సులో "ఎర్రర్స్ నార్మల్ అయితే మ్యాగ్జిమమ్ లైక్లీహుడ్ కూడా ఇదే" అని ఒక్క లైనులో రాసి వదిలేశారు. రెండూ ఒకటెలా అవుతాయి? అసలు స్క్వేరే ఎందుకు?

జవాబు: వైజాగ్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు వైవాలో నన్నూ ఇదే అడిగారు. "ప్లస్‌లు, మైనస్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకోకుండా స్క్వేర్ చేస్తాం సార్" అన్నాను. "దానికి మాడ్యులస్ తీసుకున్నా చాలు కదా, స్క్వేరే ఎందుకు?" అని మళ్లీ అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఆ సాయంత్రం నా ప్రాజెక్టు లెక్కల్నే ముందు పెట్టుకుని కూర్చుంటే విషయం అర్థమైంది. అదే లెక్క ఇక్కడ చేసి చూపిస్తాను.

మద్దిలపాలెం జంక్షన్ నుంచి హనుమంతవాక వైపు ఆటోలో ఎంత దూరానికి ఎంత టైం పడుతుందో చూడటమే నా పని. చేతితో లెక్కించడానికి వీలుగా ఐదు ప్రయాణాలే తీసుకుని, అంకెలు గుండ్రం చేస్తున్నాను. 1, 2, 3, 4, 5 కిలోమీటర్లకు పట్టిన నిమిషాలు వరుసగా 4, 7, 8, 13, 13. ఈ ఐదూ వేర్వేరు రోజుల ప్రయాణాలు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దానితో పని పడుతుంది.

లీస్ట్ స్క్వేర్స్ చేస్తే వచ్చే గీత y = 1.8 + 2.4x. గీతకూ అసలు టైంకూ తేడాలు −0.2, 0.4, −1, 1.6, −0.8. వీటి స్క్వేర్ల మొత్తం 4.4.

ఇప్పుడు లీస్ట్ స్క్వేర్స్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. లైక్లీహుడ్ అడిగే ప్రశ్న వేరు. ఒక గీతను నిజమని అనుకుంటే, మనకు వచ్చిన ఈ ఐదు టైంలే రావడం ఎంత సహజం? ఏ గీత కింద అది అన్నిటికన్నా సహజంగా కనిపిస్తుందో ఆ గీతను ఎంచుకోవాలి. గీత నిజం కావడానికి ఉన్న సంభావ్యత అని దీన్ని చదవకూడదు. డేటా మారదు, గీతల్నే మార్చి చూస్తున్నాం.

"ఎంత సహజం" అన్నది లెక్క కట్టాలంటే ఎర్రర్ ఎలా పుడుతుందో ముందు చెప్పాలి. నార్మల్ అంటే, e అనే ఎర్రర్‌కి సాంద్రత ఇది:

```
f(e) = 1/(σ√(2π)) · exp(−e²/(2σ²))
```

e² ఎక్కడుందో చూడండి. మనం చేర్చింది కాదు, నార్మల్ సూత్రంలోనే ఉంది. ప్రయాణాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కాబట్టి ఐదు సాంద్రతల్నీ గుణిస్తాం. ఎక్స్‌పొనెన్షియల్స్‌ని గుణిస్తే పైనున్న ఘాతాలు కూడుకుంటాయి. లాగ్ తీసుకుంటే మిగిలేది:

```
log L = −(n/2)·log(2πσ²) − (1/(2σ²))·Σ(yᵢ − a − b·xᵢ)²
```

మొదటి ముక్కలో a, b లేవు. రెండో ముక్కలో ఉన్నాయి కానీ ముందు మైనస్ ఉంది. కాబట్టి log L పెద్దది కావాలంటే స్క్వేర్ల మొత్తం చిన్నది కావాలి, అంతకుమించి ఏమీ లేదు. గుణకారం వల్ల మొత్తం వచ్చింది, నార్మల్ వల్ల స్క్వేర్ వచ్చింది.

నాకు అప్పుడు పట్టుకున్న అనుమానం σ గురించి. దాని విలువే తెలియనప్పుడు గీతను ఎలా ఎంచుకుంటాం? అంకెలతో చూద్దాం. పోటీకి y = 1 + 3x తీసుకోండి. అది 1, 2, 4 కిలోమీటర్ల దగ్గర మూడు పాయింట్ల మీదుగా సరిగ్గా పోతుంది, కానీ స్క్వేర్ల మొత్తం 13. σ = 1 అనుకుంటే log L తేడా (13 − 4.4)/2 = 4.3, అంటే మొదటి గీత లైక్లీహుడ్ దాదాపు 74 రెట్లు ఎక్కువ. σ = 2 అనుకుంటే ఆ ఆధిక్యం దాదాపు 3 రెట్లకు పడిపోతుంది. గెలుపు ఎంత గట్టిదో మారింది, గెలిచిన గీత మారలేదు. అందుకే a, b కనుక్కోవడానికి σ తెలియక్కర్లేదు. రెండు పద్ధతులూ విడిపోయేది σ² దగ్గరే. లైక్లీహుడ్ 4.4/5 = 0.88 ఇస్తుంది. క్లాసులో మనం వాడేది 4.4/3, అంటే సుమారు 1.47. గీత డేటాకి దగ్గరగా ఒదిగిపోతుంది కాబట్టి 5తో భాగిస్తే σ² తక్కువగా అంచనా అవుతుంది.

ఇక వైవాలో అడిగిన మాడ్యులస్. ఎర్రర్స్ లాప్లాస్ పంపిణీ నుంచి వస్తే సాంద్రతలో exp(−|e|/c) ఉంటుంది. అవే మెట్లు ఎక్కితే తగ్గించాల్సింది Σ|e| అవుతుంది. మన డేటాకి ఆ గీత y = 1.75 + 2.25x. దీని మాడ్యులస్ మొత్తం 3.5, లీస్ట్ స్క్వేర్స్ గీతకు అది 4. స్క్వేర్లు కూడితే మాత్రం ఇది 5.875తో ఓడిపోతుంది. నాలుగు కిలోమీటర్ల ప్రయాణంలో సిగ్నల్ దగ్గర ఆటో ఆగిపోయింది. ఆ 13 నిమిషాల వైపు లీస్ట్ స్క్వేర్స్ వంగింది, మాడ్యులస్ గీత అంతగా వంగలేదు. లాప్లాస్‌కి తోకలు మందం. పెద్ద ఆలస్యాలు అప్పుడప్పుడూ మామూలే అని అది ముందే ఒప్పుకుంటుంది. అందువల్ల స్క్వేరా, మాడ్యులసా అన్నది ఇష్టానికి సంబంధించింది కాదు, ఎర్రర్ స్వభావం గురించి మనం చేసిన ఊహ.

చరిత్రలో ఇది నడిచిన తీరు నాకు చాలా ఇష్టం. లెజాండ్ర్ 1805లో లీస్ట్ స్క్వేర్స్‌ని ప్రచురించాడు, అందులో సంభావ్యత ఊసు లేదు. గాస్ 1809లో వెనక నుంచి నడిచాడు. ఒకే కొలతను పలుమార్లు తీస్తే సగటే ఉత్తమం అనుకుని, అలా కావాలంటే ఎర్రర్స్ ఎలాంటి పంపిణీలో ఉండాలని అడిగితే ఆయనకు నార్మల్ వచ్చింది.

ఒక్కమాట: నార్మల్ కాకపోతే లీస్ట్ స్క్వేర్స్ పనికిరాదని అనుకోకండి. ఎర్రర్స్ సగటు సున్నా, వేరియన్స్ సమానం, వాటి మధ్య కోరిలేషన్ లేదు అన్నవి చాలు. వాటితోనే అది పక్షపాతం లేని లీనియర్ అంచనాలన్నిటిలో తక్కువ వేరియన్స్ ఉన్నది అవుతుంది. నార్మల్ కావాల్సింది అది మ్యాగ్జిమమ్ లైక్లీహుడ్ కూడా కావడానికి.

ఇప్పుడు వేర్వేరు రోజుల సంగతి. ప్రాజెక్టు మొదట్లో నేను ఒకే ఆటో ఎక్కి, ఒక్కో కిలోమీటరు దగ్గర టైం నోట్ చేశాను. గీత అందంగా వచ్చిందని సంబరపడ్డాను కూడా. కానీ మొదటి కిలోమీటరులో రెండు నిమిషాలు ఆగితే ఆ రెండు నిమిషాలూ తర్వాతి టైంలన్నిటిలోనూ ఉంటాయి. సాంద్రతల్ని విడివిడిగా గుణించే హక్కు అక్కడే పోయింది. ఒక్కో కిలోమీటరు ఆలస్యం విడిగా నార్మల్ అయినా సరే, లైక్లీహుడ్ సరిగ్గా రాస్తే స్క్వేర్ చేసి కూడాల్సింది వరుస టైంల మధ్య తేడాల ఎర్రర్స్‌ని. అప్పుడు వాలు ఆ తేడాల సగటే: (చివరి టైం − మొదటి టైం)/4. మధ్యలోని మూడు అంకెలూ వాలులోకి రావు. పై అంకెలే ఒకే ప్రయాణంలో వచ్చి ఉంటే (13 − 4)/4 = 2.25 అయ్యేది, 2.4 కాదు. మాడ్యులస్ గీత వాలుతో ఇది కలవడం యాదృచ్ఛికం.

దీన్ని పట్టుకోవాలంటే రెసిడ్యువల్స్‌ని కొలిచిన వరుసలో గీసి చూడండి. నా మొదటి డేటాలో అవి గీతకు ఒకే పక్కన చాలాసేపు ఉండిపోయి, తర్వాత రెండో పక్కకు వెళ్లి అక్కడే ఉండిపోయాయి. అది చూశాకే పాత నోట్సు పక్కన పడేసి, రోజుకొక ఆటో ఎక్కడం మొదలుపెట్టాను.