కార్డు తర్వాత, ముందు ర్యామ్ సంగతి చూడండి

ప్రశ్న: మాది నల్లగొండ. ఐదేండ్ల కింద కొన్న డెస్క్‌టాప్ ఉన్నది. ఐ5-10400ఎఫ్, హెచ్410 బోర్డు, జీటీఎక్స్ 1660 సూపర్, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్. పగలంతా పెండ్లి ఆల్బమ్ డిజైనింగ్, రాత్రి కొంచెం గేమ్స్. ఫొటోషాప్ బాగా ఆగి ఆగి నడుస్తున్నది. షాపాయన గ్రాఫిక్స్ కార్డు మార్చమంటున్నడు. ముందు ఏది మార్చాలె?

ర్యామ్. అందులో కూడా ఇంకో 8 జీబీ స్టిక్ వద్దు, 16 జీబీది ఒక్కటి తీసుకోండి. ఎందుకో లెక్క చెప్తా.

ఆల్బమ్ షీట్ 12x36 అనుకుందాం, 300 డీపీఐ. అంటే 3600 ఇంటూ 10800, దాదాపు 3 కోట్ల 89 లక్షల పిక్సెళ్లు. ఆర్‌జీబీ 8 బిట్‌లో పిక్సెల్‌కు 3 బైట్లు. ఉత్త బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటే 111 ఎంబీ అయితది. కొత్త ఫైల్ తెరిచి చూస్తే ఫొటోషాప్ కింద కూడా 111.2M అనే చూపిస్తది. దాని మీద షీటంతా పరుచుకున్న ట్రాన్స్‌పరెంట్ లేయర్ వేస్తే ఇంకో ఛానెల్ కలుస్తది, ఒక్కో లేయర్ 150 ఎంబీకి దగ్గర పడతది. బ్యాక్‌గ్రౌండ్, టెక్స్‌చర్, పూల బోర్డర్, లైట్ ఎఫెక్ట్, నీడ, ఆ పైన కెమెరా నుంచి వచ్చిన 24 మెగాపిక్సెల్ ఫొటోలు ఐదారు. ఒక్క షీట్‌కే దాదాపు 1.2 జీబీ అయితది. ఇది కాక అన్‌డూ కోసం హిస్టరీ దాచుకుంటది, డిఫాల్ట్‌గా 50 స్టెప్పులు. మనోళ్లు నాలుగు షీట్లు ఒకేసారి తెరిచి పెట్టుకుంటరు, పక్కన క్రోమ్‌లో వాట్సాప్. 8 జీబీలో విండోస్‌కు పోయేది పోంగా మిగిలింది వీటన్నిటికీ ఎట్ల సరిపోతది?

సరిపోకపోతే ఫొటోషాప్ ఆగిపోదు, మిగతాది డిస్క్ మీద రాస్తది. దాన్నే స్క్రాచ్ డిస్క్ అంటరు. బ్రష్ గీస్తే అర నిమిషం తర్వాత గీత రావడం, లేయర్ జరిపితే తెల్లగా అయిపోవడం అంతా దీనివల్లనే. అక్కడ కార్డు ఖాళీగా కూర్చుని ఉంటది. జూమ్, లిక్విఫై, కెమెరా రా లాంటి పనులకు ఫొటోషాప్ కార్డును వాడుకుంటది గానీ, వాటికి మీ 6 జీబీ కార్డు చాలు. కార్డు మార్చినంత మాత్రాన డిస్క్ మీది రాతకోతలు తగ్గవు. నాకు కోపం వచ్చేది ఇక్కడనే. టాస్క్ మేనేజర్ తెరిచి రెండు నిమిషాలు చూస్తే తెలిసే సంగతి, అది చూడకుండనే కార్డు పేరు చెప్తరు. అసలు ఐదేండ్ల కింద ఈ మెషిన్ కట్టేటప్పుడు రంగుల లైట్ల క్యాబినెట్‌కు పైసలు పెట్టించి ఒక్క 8 జీబీ స్టిక్‌తో సరిపెట్టుడే తప్పు.

నా మాట నమ్మకండి, మీరే కొలవండి. ఎప్పుడూ చేసే పనే చేస్తూ ఫొటోషాప్ కింద ఎడమ పక్క స్టేటస్ బార్‌లో బాణం నొక్కి Efficiency పెట్టుకోండి. 100% ఉంటే ర్యామ్ సరిపోతున్నది. 100 కన్నా తగ్గిందంటే స్క్రాచ్ డిస్క్ వాడుకుంటున్నది. షీట్ మీద పని నడుస్తుంటే అది 70, 60కి దిగి అక్కడే ఉంటే ఇంక అనుమానమే లేదు. రెండోది, Ctrl+Shift+Esc నొక్కి Performance లో Memory చూడండి. అక్కడ Committed కింద రెండు అంకెలు ఉంటయి. మొదటిది 11, 12 చూపిస్తుంటే, ఉన్న 8 జీబీ మీద అంత బరువు పడ్డదన్నట్టు. అదే పేజీలో Slots used అని ఉంటది. 1 of 2 ఉంటే ఒక స్లాట్ ఖాళీ.

ఇప్పుడు 16 జీబీ స్టిక్కే ఎందుకంటే, హెచ్410 బోర్డుల్లో రెండే స్లాట్లు ఉంటయి. ఇంకో 8 పెడితే 16 దగ్గర రెండూ నిండిపోతయి, రేపు పెంచాలంటే ఒకటి తీసి పడేయాలె. 16 పెడితే మొత్తం 24 అయితది. పాత 8, కొత్తదాంట్లో 8 జత కలిసి డ్యూయల్ ఛానెల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి, నడుస్తయి, మిగిలిన 8 సింగిల్ ఛానెల్‌లో నడుస్తది. ఇంటెల్ బోర్డులు దీన్ని వాటంతట అవే చూసుకుంటయి. తర్వాత పైసలు ఉన్నప్పుడు పాత 8 తీసి ఇంకో 16 పెట్టుకోవచ్చు. వేగం విషయంలో ఆశపడకండి. ఈ ప్రాసెసర్, ఈ బోర్డు జంటకు 2666 దాకనే. 3200 స్టిక్ కొన్నా 2666కే నడుస్తది, ఏ ఇబ్బందీ లేదు, కానీ 3600ది అని ఎక్కువ పెట్టి తేవద్దు. డీడీఆర్4 డెస్క్‌టాప్‌దే కావాలె, ల్యాప్‌టాప్ స్టిక్ పొట్టిది, పట్టదు. ఉన్నదాని పార్ట్ నంబర్ కావాలంటే పవర్‌షెల్‌లో ఇది కొట్టండి:

```
Get-CimInstance Win32_PhysicalMemory |
  Select DeviceLocator, Capacity, Speed, PartNumber
```

పెట్టేటప్పుడు వైర్ పీకి, పవర్ బటన్ ఐదు సెకండ్లు నొక్కి పట్టండి, మిగిలిన కరెంటు పోతది. చేత్తో క్యాబినెట్ ఇనుమును ముట్టుకోండి. మన దగ్గర ఎండాకాలం దుమ్ము ఎట్లుంటదో తెలుసు, ఐదేండ్లు ఖాళీగా ఉన్న స్లాట్‌ను మెత్తటి బ్రష్‌తో దులపకుండ స్టిక్ దిగేయొద్దు. స్టిక్ మధ్యల గాడి స్లాట్ గాడికి కుదరాలె. రెండు కొసలూ ఒత్తితే టక్కుమని క్లిప్ పడాలె. మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కొంతసేపు నల్లగా ఉండొచ్చు, బోర్డు కొత్త ర్యామ్‌ను సరిచూసుకుంటుంటది. ఆగమై పవర్ తీయకండి. ఎంతకూ రాకపోతే రెండు స్టిక్‌లూ తీసి, పసుపు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఒక్కొక్కటే పెట్టి చూడండి. మీ ప్రాసెసర్ పేరులో ఎఫ్ ఉన్నది, అంటే దాంట్లో గ్రాఫిక్స్ లేదు. మానిటర్ కేబుల్ కార్డుకే ఉండాలె, బోర్డుకు పెడితే ఏమీ రాదు.

డిస్‌ప్లే వచ్చిందని పని అయిపోయినట్టు కాదు. రెండు కంపెనీల స్టిక్‌లు పొసగకపోతే రెండు మూడు రోజులకు MEMORY_MANAGEMENT అని నీలి తెర వస్తది, లేకుంటే సేవ్ చేసిన పీఎస్‌డీ మళ్లీ తెరుచుకోదు. కస్టమర్ ఆల్బమ్ పోయినంక బాధపడి లాభం లేదు. mdsched.exe కొట్టి విండోస్ టెస్ట్ ఒకసారి, ఆ తర్వాత పెన్‌డ్రైవ్ మీద మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్ వాపసు ఇచ్చేయండి. అందుకే కొనేటప్పుడే వాపసు సంగతి అడిగి, బిల్లు తీసుకోండి.

ఆ తర్వాత ఫొటోషాప్‌లో Edit, Preferences, Scratch Disks తెరిచి హార్డ్ డిస్క్ మీద టిక్ ఉంటే తీసేయండి, ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంచండి. 240 జీబీలో కనీసం 50 ఖాళీ ఉండాలె. అయిపోయిన ఆల్బమ్‌లు హార్డ్ డిస్క్‌కు జరపండి. చాలామందికి ఎస్ఎస్‌డీ నిండిపోయే స్క్రాచ్ డిస్క్ ఫుల్ అని వస్తది.

ఇక గేమ్స్. విండోస్ కార్డుకు తోడుగా ర్యామ్‌లోంచి సగం దాకా అరువు ఇస్తది. కార్డులోని 6 జీబీ నిండితే మిగతాది ర్యామ్ మీద పడతది. ఉన్నదే 8 అయినప్పుడు ఆ అరువు కూడా ఇరుకే, అందుకే ఆట మధ్యల ఒక్కసారి గడ్డకట్టినట్టు ఆగుతది. ఆగిన క్షణంలో జీపీయూ గ్రాఫ్ కిందికి పడి డిస్క్ 100కు పోతే అది ర్యామ్ కొరతే. ర్యామ్ పెంచినంక కూడా ఫ్రేములు తక్కువ ఉండి, జీపీయూ ఎప్పుడూ 97 నుంచి 99 మీదనే ఉంటే అప్పుడు కార్డు గురించి మాట్లాడుకుందాం. అప్పుడు కూడా ముందు ఎస్ఎంపీఎస్ మీది స్టిక్కర్ చదవండి. మీ 1660 సూపర్ 125 వాట్లు తీసుకుంటది, ఆర్‌టీఎక్స్ 3060కి 170 కావాలె. 4060 అయితే 115కే నడుస్తది గానీ దానికి బోర్డుతో డేటా నడిచే దారులు, అంటే లేన్లు, 8 మాత్రమే, మీ బోర్డేమో పాత పీసీఐఈ 3.0, వీడియో మెమరీ నిండిన ఆటల్లో ఆ తేడా తెలుస్తది.