మ్యూటింగ్ సమయంలో గార్డు తలుపు తీసినా యంత్రం ఆగడం లేదు: సమాధానం

“కార్టన్ బయటికి వస్తుండగా పక్క తలుపు తీస్తే యంత్రం ఆగలేదండీ. మిగతా సమయంలో బాగానే ఆగుతోంది. తలుపు స్విచ్ మార్చినా అంతే.”

స్విచ్ తప్పు కాదండీ, లాజిక్‌లో బ్రాకెట్ తప్పు. ప్రోగ్రాంలో ఇలాంటి వరుస ఉందేమో చూడండి:

```
SAFE_OK := (DOOR_OK AND LC_OK) OR MUTE
```

మ్యూటింగ్ అంటే కార్టన్ వెళ్లేందుకు లైట్ కర్టెన్‌ను, అంటే మనిషి అడ్డొస్తే యంత్రాన్ని ఆపే కిరణాల తెరను, కాసేపు పట్టించుకోకపోవడం. ఇక్కడ అది కర్టెన్‌తో పాటు తలుపును కూడా దాటవేస్తోంది. ఇలా ఉండాలి:

```
SAFE_OK := DOOR_OK AND (LC_OK OR MUTE)
```

సరిదిద్దేదాకా ఆ యంత్రాన్ని దయచేసి నడపకండి. ఈ లాజిక్ సాధారణ పీఎల్‌సీలో ఉంటే సేఫ్టీ పీఎల్‌సీకో సేఫ్టీ రిలేకో మార్చాలి.

MUTE ఎలా వస్తోందో కూడా చూడండి. ఒక్క సెన్సర్‌తో వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టినా కర్టెన్ గుడ్డిదవుతుంది. రెండు వేర్వేరు సెన్సర్లు కావాలి. ఐఈసీ 62046 ప్రకారం రెండూ 4 సెకన్లలోపు పనిచేయాలి. ఒకటి ముందే ఆన్‌లో ఇరుక్కుని ఉంటే మ్యూటింగ్ మొదలు కాకూడదు. కిరణాలు ఖండించుకునేలా అమర్చితే, ఆ బిందువు కర్టెన్‌కు లోపలివైపు, అంటే ప్రమాదం ఉన్న వైపు ఉండాలి. అప్పుడు బయటినుంచి వచ్చే మనిషి రెండింటినీ కలిపి అడ్డగించేలోపే కర్టెన్ తెగుతుంది.

మ్యూటింగ్‌కు గడువు కూడా పెట్టండి. 400 మి.మీ. కార్టన్ సెకనుకు 200 మి.మీ. వేగంతో వెళ్తే ఆ బిందువును దాటడానికి 2 సెకన్లు చాలు. గడువు దానికి కాస్త పైన ఉండాలి. నిమిషాల్లో ఉంటే, ఇరుక్కున్న కార్టన్ వెనుక దారి తెరిచి ఉన్నట్లే.

తలుపు మూయగానే యంత్రం దానంతట అది కదలకూడదు. రీసెట్ బటన్ లోపలినుంచి అందకూడదు, దాని దగ్గర నిలబడితే లోపలంతా కనిపించాలి. బటన్ నొక్కి వదిలాకే రీసెట్ అందాలి, ఆ తర్వాత స్టార్ట్ విడిగా ఇవ్వాలి.

మార్చాక కార్టన్ కర్టెన్ మధ్యలో ఉండగా తలుపు తీసి చూడండి. ఆ క్షణంలోనే యంత్రం ఆగాలి.