ఉయ్యాల ఆగితే లేస్తున్నాడు

మా బాబుకు ఎనిమిది నెలలు. చీర ఉయ్యాలలో ఊపితే గాని నిద్రపోడు. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే పదింబావుకు కళ్లు మూస్తాడు. తెల్లవారేలోగా ఐదారుసార్లు లేస్తాడు. ప్రతిసారీ పాలివ్వాలి, లేదా ఊపాలి. మాది ఒకే పడకగది ఉన్న ఫ్లాట్, అత్తగారు హాల్లో పడుకుంటారు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు తన పాపను వేరే గదిలో ఏడవనిచ్చి మూడు రాత్రుల్లో అలవాటు చేసింది. మనమూ అలాగే చేద్దామంటారు మా వారు. అత్తగారు ససేమిరా అంటున్నారు. మొన్న అర్ధరాత్రి కోపంతో ఉయ్యాలను గట్టిగా ఊపేశాను. నా మీద నాకే భయం వేసింది. వచ్చే నెల ఉద్యోగంలో చేరాలి. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, హైదరాబాద్

ముందు మొన్నటి రాత్రి సంగతి. అలాంటి కోపం మళ్లీ వస్తే బాబును పడిపోయే భయం లేని చోట వెల్లకిలా పడుకోబెట్టి, గది బయటకు వచ్చి పది నిమిషాలు కూర్చోండి, లేదా మీ వారిని లేపండి. ఆ పది నిమిషాల ఏడుపుతో వాడికేమీ కాదు. కోపంలో కుదిపితే మాత్రం పసివాళ్ల మెదడులో రక్తస్రావం జరగవచ్చు. పగలు కూడా దిగులు, చిరాకు వదలకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ, తెలుగులో మాట్లాడతారు.

ఇక నిద్ర. ఈ వయసు పిల్లలకు దాదాపు గంటకోసారి నిద్ర పలచబడుతుంది. పెద్దలం మనకూ అలాగే అవుతుంది గాని, పక్కకు తిరిగి మళ్లీ పడుకుంటాం. మీ వాడు ఊగుతూ నిద్రలోకి జారుకున్నాడు. మెలకువ వచ్చేసరికి ఉయ్యాల కదలడం లేదు. అందుకే పిలుస్తున్నాడు. కాబట్టి మార్చాల్సింది అర్ధరాత్రి మెలకువలను కాదు, రాత్రి మొదట నిద్రపట్టే తీరును. అది మారితే మిగతావి చాలావరకు దాని వెంటే తగ్గుతాయి. పద్ధతులన్నిటి గురీ ఇదే.

మీ ఆడపడుచు చేసినది వాటిలో కఠినమైనది. మెలకువగా ఉండగానే పడుకోబెట్టి, తెల్లవారేదాకా వెళ్లకపోవడం. సాధారణంగా మూడు నుంచి ఏడు రాత్రుల్లో పని చేస్తుంది. రెండోది, బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ 1985లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. బయటకు వచ్చి, ఏడుస్తుంటే మొదట 3 నిమిషాలకు, తర్వాత 5కు, ఆ తర్వాత ప్రతి 10 నిమిషాలకు లోపలికి వెళ్లి, ఎత్తుకోకుండా ఒక నిమిషం మాట్లాడి వచ్చేయాలి. మర్నాటి నుంచి ఆ విరామాలు పెంచుతారు. వెళ్లేది నిద్రపుచ్చడానికి కాదు, అమ్మానాన్నలు ఉన్నారని తెలియజేయడానికి. కొందరు పిల్లలు మాత్రం అమ్మ కనబడి వెళ్లిపోతే ఇంకా పెద్దగా ఏడుస్తారు. మూడోది పక్కనే కూర్చుని, రోజులు గడిచేకొద్దీ దూరం జరగడం. దీనికి రెండు మూడు వారాలు పడుతుంది, ఏడుపు తక్కువ.

హాని గురించి అత్తగారి భయం కొట్టిపారేయదగినది కాదు, అందుకే దాన్ని పరిశోధకులు కూడా పరీక్షించారు. మెల్‌బోర్న్‌లో 300కు పైగా కుటుంబాలతో జరిగిన అధ్యయనంలో కొందరు తల్లిదండ్రులకు విరామాల పద్ధతి, పక్కన కూర్చునే పద్ధతి నేర్పారు. పిల్లలకు ఆరేళ్లు వచ్చాక చూస్తే, ప్రవర్తనలో గాని తల్లితో అనుబంధంలో గాని నేర్చుకోనివాళ్లతో తేడా కనబడలేదు. ఆ తల్లుల్లో రెండేళ్ల నాటికి దిగులు లక్షణాలు తక్కువగా ఉన్నాయి. అయితే ఇది ఆ రెండు పద్ధతుల గురించే, పూర్తిగా వదిలేయడం గురించి కాదు.

ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది బిడ్డ కంటే ఇంటిని బట్టి తేలుతుంది. మీ ఇంట్లో ఏడవనిచ్చే పద్ధతి పెడితే ఏం జరుగుతుందో ఊహించండి. నలభై నిమిషాలు ఏడ్చాక అత్తగారు తట్టుకోలేక ఎత్తుకుంటారు. నేనైనా ఎత్తుకుంటానేమో. అప్పుడు వాడు నేర్చుకునేది, నలభై నిమిషాలు ఏడిస్తే ఎత్తుకుంటారని. మర్నాడు అంతసేపూ ఏడుస్తాడు. మొదలుపెట్టకపోవడం కంటే ఇది చెడ్డది. విరామాల పద్ధతికి బయటకు వెళ్లే గది కావాలి, మీకున్నది అత్తగారు పడుకున్న హాలు. అందుకని నా ఓటు మూడోదానికే.

మొదలుపెట్టే ముందు పిల్లల వైద్యుడిని ఒకసారి కలవండి. బరువు సరిగ్గా పెరుగుతున్నాడా, చెవినొప్పి ఉందా, గురక పెడుతున్నాడా, రక్తహీనత ఉందా చూపించుకోండి. ఐరన్ తక్కువైన పిల్లల్లో కొందరు రాత్రంతా కదులుతూ పడుకుంటారు. వాళ్లను ఏ పద్ధతీ నిద్రపుచ్చదు. రాత్రి ఒక్కసారే పాలిస్తే చాలునా అన్నదీ ఆయననే అడగండి.

చీర ఉయ్యాల రాత్రికి తీసేయండి. దొర్లే, లేచి కూర్చునే బిడ్డకు అది ఎలాగూ ప్రమాదమే. గట్టి పరుపు ఉన్న క్రిబ్‌ను మీ మంచం పక్కనే వేయండి, దిండ్లు, బొంతలు వద్దు. పగటి నిద్ర అత్తగారి చేతికి వదిలేయండి. ఒడిలో జోకొట్టినా, భుజాన వేసుకున్నా ఆమె ఇష్టం. సాయంత్రం నాలుగున్నరకల్లా లేపితే చాలు. ఆమెకు కొంత దక్కాలి, అప్పుడే రాత్రిపూట ఊరుకుంటారు.

మీ వాడికి నిజంగా నిద్ర వచ్చేది పదింబావుకు. తొమ్మిది నుంచి ఊపడం మీ శ్రమే. కాబట్టి మొదటి మూడు రాత్రులు తొమ్మిదిన్నరకు స్నానం గాని ఒళ్లు తుడవడం గాని, తర్వాత దీపం వెలుగులోనే పాలు, చివర ఒక పాట. పాలు చివర కాదు, నిద్రపోతూ నోట్లో చన్ను ఉండకూడదు. పదీ పదికి మెలకువగానే క్రిబ్‌లో పడుకోబెట్టి, మీ వారు పక్కన కూర్చుని ఒంటి మీద చెయ్యి వేయాలి. మీరు ఆ రాత్రుళ్లు అత్తగారి పక్కన పడుకోండి. మీరు కనబడితే పాలు అడుగుతాడు. లేచి నిలబడితే ఒకసారి పడుకోబెట్టి వదిలేయాలి, కుస్తీ పట్టకూడదు. మరీ ఉక్కిరిబిక్కిరిగా ఏడిస్తే ఎత్తుకుని, శాంతించాక నిద్రపట్టకముందే దించాలి. నాలుగో రాత్రి నుంచి చెయ్యి తీసేసి కూర్చోవడం, ఏడో రాత్రి నుంచి కుర్చీ మంచం అవతలికి, తర్వాత గుమ్మం దగ్గరికి. అర్ధరాత్రి లేచినా అదే తీరు. రెండు దాటాక మొదటిసారి లేచినప్పుడు మీరు వచ్చి పాలిచ్చి వెళ్లండి, మిగతా వేళల్లో ఆయనే. పొద్దున ఆరున్నరకు ఎలా పడుకున్నా లేపేయండి. ఇరవై నిమిషాల్లో నిద్రపట్టడం మొదలైతే, రెండు రోజులకోసారి పావుగంట ముందుకు జరుపుతూ తొమ్మిదికి తీసుకురండి.

మూడో నాలుగో రాత్రి ఏడుపు మొదటి రాత్రి కంటే ఎక్కువ కావచ్చు. బాగా కుదిరిందనుకున్నాక కూడా ఒక చెడ్డ రాత్రి వస్తుంది. అది పద్ధతి విఫలమైందనడానికి గుర్తు కాదు, అదే తీరు కొనసాగించండి. జ్వరం వస్తే మాత్రం అన్నీ ఆపి ఎత్తుకోండి. తగ్గాక చెయ్యి వేసే దశ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. రెండు వారాలు తప్పకుండా చేసినా ఏ మార్పూ లేకపోతే మళ్లీ వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

ఈ వయసులో తల్లి కనుమరుగైతే బెంగ ఎక్కువ. మీరు ఉద్యోగంలో చేరే వారమూ ఇదీ ఒకేసారి వద్దు. మీ వారికి మర్నాడు సెలవు ఉన్న ఈ శుక్రవారం రాత్రే మొదలుపెడితే, చేరేనాటికి కుర్చీ గుమ్మం దాకా వస్తుంది. ఆ శుక్రవారం కుదరదంటే, చేరి రెండు వారాలు గడిచాక చూద్దాం.