ఆగిపోయిన వెల్లుల్లి మిరప సాసుకు బదులు

"కర్నూలులో ఉంటాను. మేము వాడే విదేశీ మిరప సాసు తయారీ ఆపేశారట. పాత సీసా మీద ఎర్ర మిరపకాయలు, వెనిగర్, వెల్లుల్లి, చక్కెర, ఉప్పు అని ఉంది. ఇక్కడ బదులు ఏది?"

ఆ జాబితాలో చింతపండు, మెంతులు, నూనె లేవు. అందుకే అంగట్లో దొరికే పండుమిర్చి పచ్చడి ఎంత బాగున్నా ఈ పనికి రాదు. ఎండుమిర్చి నానబెట్టి రుబ్బినా ఆ తాజా పండు వాసన రాదు. చలికాలంలో రైతుబజారుకు పండుమిర్చి వచ్చినప్పుడు పావుకిలో కొనండి. కడిగి, తడి పూర్తిగా ఆరాక తొడిమలు తీసి, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, ఒకటిన్నర చెంచా ఉప్పుతో కచ్చాపచ్చాగా రుబ్బి, గాజు సీసాలో మూత వదులుగా పెట్టి మూడు, నాలుగు రోజులు ఉంచండి. రోజూ కలపాలి. బుడగలు, పుల్లటి వాసన వస్తే సరిగా పులుస్తున్నట్టే. పైన నూగులాంటి బూజు కనిపిస్తే మొత్తం పారేయండి, పైపైన తీసేసి వాడవద్దు.

తర్వాత పావు కప్పు తెల్ల వెనిగర్, రెండు చెంచాల చక్కెర కలిపి ఐదు నిమిషాలు ఉడికించి, చల్లార్చి, మెత్తగా రుబ్బి వడకట్టండి. ఉడికేటప్పుడు కిటికీలు తెరవండి, ఘాటు తట్టుకోలేరు. కారం ఎక్కువనిపిస్తే ఈసారి రుబ్బే ముందే సగం కాయల గింజలు తీయండి. ఇది విదేశీ సాసు అంత చిక్కగా ఉండకపోవచ్చు, అలాంటి చాలా సాసుల్లో జాంతన్ గమ్ లాంటి చిక్కబరిచే పదార్థాలు వేస్తారు. ఫ్రిజ్‌లోనే ఉంచండి.