డాక్టర్ సలహా: మోచేతి కొలతతో అమ్మ ఎత్తు సరిగ్గా తెలుస్తుందా?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. షుగర్ ఉంది. పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది, ఐదు నెలలుగా మంచంలోనే ఉంది. డైటీషియన్ ఎత్తు అడిగారు. మోచేయి నుంచి మణికట్టు వరకు టేప్‌తో కొలిస్తే 25 సెం.మీ. వచ్చింది. పట్టికలో చూస్తే ఎత్తు 161 సెం.మీ. అని ఉంది. కానీ అమ్మ ఐదడుగులే ఉండేది. 52 కిలోల మనిషి 42కి వచ్చింది. అందుకే ప్రొటీన్ పౌడర్ నీళ్లలో కలిపి రోజూ మూడుసార్లు ఇస్తున్నాం. తాగేటప్పుడు కాస్త దగ్గుతుంది. ఏ ఎత్తు రాయాలి?

జవాబు: మీరు చూసింది బ్రిటన్‌లో పోషకాహార లోపాన్ని పట్టుకోవడానికి వాడే 'మస్ట్' పట్టిక అయి ఉంటుంది. పద్ధతి మంచిదే. ముంజేతిలో చిటికెన వేలు వైపున్న ఎముక పేరు అల్నా. దాని పొడవును బట్టి ఎత్తును అంచనా వేస్తారు. అయితే కొలతలో ఒక్క సెంటీమీటరు తేడా వస్తే ఎత్తులో సుమారు మూడు సెంటీమీటర్ల తేడా వస్తుంది. అదే పట్టికలో 65 దాటిన ఆడవాళ్లకు 25 సెం.మీ.కు 161 ఉంటే, 23 సెం.మీ.కు 155 ఉంటుంది. మీరు కొలిచింది రెండు సెంటీమీటర్లు ఎక్కువై ఉంటుందని నా అనుమానం.

చాలామంది టేప్‌ను అరచేయి మొదలయ్యే గీత దాకా లాగేస్తారు. అంతదూరం వెళ్లకూడదు. చేతిని ఛాతీ మీదుగా మడిచి, వేళ్లు ఎదుటి భుజం వైపు ఉండేలా పెట్టండి. మోచేయి కొన దగ్గర టేప్ మొదలుపెట్టి, మణికట్టు పక్కన చిటికెన వేలు వైపు పొడుచుకొచ్చిన ఎముక గుబ్బ మధ్య వరకే కొలవండి. కండ మీద వంపు తిరగకుండా టేప్ తిన్నగా ఉండాలి. టైలర్ల గుడ్డ టేప్ పాతదైతే సాగి ఉంటుంది, స్కేలు పక్కన పెట్టి ఒకసారి సరిచూసుకోండి. మామూలుగా ఎడమ చేతినే కొలుస్తారు కానీ, మీ అమ్మగారికి పడిపోయిన వైపు అదే. ఆ చేతిని ఛాతీ మీదికి లాగకండి, భుజం దెబ్బతింటుంది. కుడి చెయ్యి చాలు. ఆ చెయ్యి ఎప్పుడైనా విరిగి అతికి ఉంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు.

ఇంకో మాట. ఆ పట్టిక యూరప్ వాళ్ల కొలతల మీద తయారైంది, మన వాళ్లకు అసలు ఎత్తు కంటే కాస్త ఎక్కువ చూపించవచ్చు. పాత ఆసుపత్రి కాగితాల్లో నిలబెట్టి కొలిచిన ఎత్తు ఉంటే అదే రాయండి. అది లేకపోతే 'ఐదడుగులు, ఇంట్లో వాళ్లు చెప్పింది' అని రాసి, పక్కనే కుడి చేతి కొలత కూడా ఇవ్వండి. దేన్ని తీసుకోవాలో డైటీషియన్ చూసుకుంటారు.

నిజానికి ఇక్కడ ఎత్తు గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. 42 కిలోలకు 161 సెం.మీ. వేస్తే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ 16.2 వస్తుంది. 155 వేస్తే 17.5, ఐదడుగులు వేస్తే 18.1. 18.5 కంటే తక్కువైతే బరువు తక్కువున్నట్టే, మూడూ అంతకంటే తక్కువే. పైగా ఐదు నెలల్లో పది కిలోలు తగ్గారు, అంటే ఒంటి బరువులో దాదాపు ఐదో వంతు. మూడు నుంచి ఆరు నెలల్లో, ప్రయత్నించకుండా పది శాతం పైగా తగ్గితే చాలు, 'మస్ట్' లెక్కలో అది ఎక్కువ ప్రమాదం. ఏ ఎత్తు రాసినా మీ అమ్మగారు అందులోనే ఉన్నారు.

మీరు చివర్లో తేలిగ్గా రాసిన దగ్గే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. పక్షవాతం తర్వాత మింగే శక్తి తగ్గితే, నీళ్లలాంటి పల్చటివి ఊపిరితిత్తుల్లోకి జారిపోయి న్యుమోనియా రావచ్చు. పౌడర్ కలిపిన నీళ్లూ అంతే. తినడం, తాగడం కష్టమవడం వల్లే బరువు తగ్గుతున్నారేమో కూడా చూడాలి. చూడకుండా నేను గట్టిగా చెప్పలేను కానీ, ఈ వారంలోనే న్యూరాలజిస్టుకు చూపించి, స్పీచ్ థెరపిస్టుతో మింగే పరీక్ష చేయించండి. అప్పటిదాకా పడుకోబెట్టి ఏదీ తాగించకండి. నిటారుగా కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా ఇచ్చి, తర్వాత అరగంటైనా అలాగే ఉంచండి. మింగలేకపోతున్నా, జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా, తాగాక గొంతు గరగరలాడినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పౌడర్ ఎవరు రాశారో మీరు చెప్పలేదు, కాబట్టి ఎవరూ రాయలేదనే అనుకుంటున్నాను. నా దగ్గరికి వచ్చే చాలా కుటుంబాలు డబ్బా కొన్న తర్వాతే అడుగుతాయి! షుగర్ ఉన్నవాళ్లలో కిడ్నీలు దెబ్బతిని ఉండే అవకాశం ఉంది, అప్పుడు ప్రొటీన్ ఎంత ఇవ్వాలన్నది మారిపోతుంది. కొన్ని డబ్బాల్లో చక్కెర కూడా ఉంటుంది. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, షుగర్ పరీక్ష చేయించి, డబ్బా వెంట తీసుకెళ్లి, ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంత ఇవ్వాలో అక్కడే అడగండి.