టైం టేబుల్ వెనకాల అందరి ఫోన్ నంబర్లు

అనంతపురంలో జిమ్ నడుపుతున్నాం, పొద్దున ఆడవాళ్లకు యోగా బ్యాచ్ కూడా ఉంది. వెబ్‌సైట్‌లో ట్రయల్‌కు పేరిచ్చిన రెండు రోజులకే వాళ్లకు వేరే జిమ్‌ల నుంచి, ముక్కూ మొహం తెలియని వాళ్ల నుంచి ఫోన్లు వస్తున్నాయట. సైట్ హ్యాక్ అయిందా సార్?

మీరు పంపిన సైట్ తెరిచి చూశాను. హ్యాక్ లేదు, ఏం లేదు. మీ టైం టేబుల్ ఒక ఆన్‌లైన్ షీట్ నుంచి వస్తోంది, సైట్ చేసిన అబ్బాయి ట్రయల్ ఫారం వివరాలు కూడా అదే ఫైల్‌లో రెండో ట్యాబ్‌లో పడేలా పెట్టాడు. టైం టేబుల్ అందరికీ కనబడాలని షేరింగ్‌లో `Anyone with the link` పెట్టేసరికి మొత్తం బయటపడింది, ఎందుకంటే ఆ అనుమతి ట్యాబ్‌కు కాదు, ఫైల్‌కు. ట్యాబ్‌ను దాచాడు, నిజమే. కానీ ఎవడైనా `Make a copy` కొడితే ఆ కాపీకి వాడే ఓనరు, దాచింది రెండు క్లిక్కుల్లో పైకి తేలుతుంది. లింకేమో `View page source`లో `spreadsheets` అని వెతికితే అక్కడే ఉంది.

మొదటి వరస చూసి మూసేశాను. పేరు, నంబరు, 'పొద్దున 5:30 బ్యాచ్', పక్క గడిలో 'థైరాయిడ్, సిజేరియన్ అయి ఏడు నెలలు'. ఆమె తెల్లారకముందే ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరుతుందో ఊళ్లో ఎవడైనా లెక్కేసుకోవచ్చు. నా టెన్షన్ అదీ, పక్క జిమ్ వాళ్ల ఫోన్లు దాని ముందు ఎంత!

ఈరోజే కొత్త ఫైల్ తెరిచి అందులో టైం టేబుల్ ఒక్కటే పెట్టి, సైట్‌కు దాని లింకు ఇవ్వండి. పాతదాన్ని `Restricted` చేయండి. `Publish to web` కూడా వాడి ఉంటే షేరింగ్ ఆపినా అది ఆగదు, విడిగా `Stop publishing` నొక్కాలి. తర్వాత ఇన్‌కాగ్నిటో విండోలో పాత లింకు వేసి చూడండి, లాగిన్ అడిగితే మూసుకున్నట్టు. ఇప్పటికే కాపీ చేసుకున్నవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి రాదు, కాబట్టి పేరిచ్చిన ఆడవాళ్లకు మీరే ఫోన్ చేసి జరిగింది చెప్పండి, బ్యాచ్ టైం మార్చుకుంటామంటే మార్చండి.

అసలు ట్రయల్ క్లాసుకు సిజేరియన్ సంగతి ఫారంలో ఎందుకండీ? ఆసనాలు వేయించే ముందు టీచర్ పక్కకు పిలిచి అడగాల్సిన మాట అది. 2023 డేటా రక్షణ చట్టం కూడా పనికి అవసరమైనంతే తీసుకోమంటుంది. పేరు, నంబరు, బ్యాచ్ చాలు.

ఈ నంబర్ల పిచ్చి మీ ఒక్కరిదే కాదులెండి. మొన్న మా చెల్లెలు కడపలో ఒక యోగా సెంటర్ సైట్ చూస్తే, ప్లాన్ల పేజీలో మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది అని మూడు రంగుల డబ్బాలున్నాయి, ధర మాత్రం లేదు, కావాలంటే నంబరు ఇవ్వాలట. ఇచ్చింది. ధర ఇంకా తెలియలేదు, రోజుకు మూడు ఫోన్లు మాత్రం వస్తున్నాయి.